పత్రికలు పత్రికలను చదివినప్పుడు

ప్రజలు దేన్ని గురించి ఆలోచించాలో పత్రికలు నిర్ణయిస్తాయంటాం. మరి పత్రికలు దేన్ని గురించి రాయాలో నిర్ణయించేదెవరు? చిన్న పత్రికల సంపాదకులు పెద్ద పత్రికలను చూసి తమ వార్తలకు ప్రాధాన్యం నిర్ణయించుకుంటారని వారెన్ బ్రీడ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1955లోనే రాశాడు. ఈ అభిప్రాయానికి గట్టి పరీక్ష 1986లో వచ్చింది.

ఆ యేడు అమెరికన్ పత్రికలూ టెలివిజన్లూ కొకెయిన్ వార్తలతో నిండిపోయాయి. అక్టోబరులో మాదకద్రవ్యాలపై కఠినమైన చట్టం కూడా వచ్చింది. అయితే వాడకం ఆ యేడే హఠాత్తుగా పెరిగిందని జాతీయ సర్వేలు చూపలేదు. పెరిగినది వార్త. స్టీఫెన్ రీస్, లూసిగ్ డేనియలియన్ అనే పరిశోధకులు ప్రధాన పత్రికలనూ, వారపత్రికలనూ, మూడు టెలివిజన్ సంస్థలనూ పోల్చి చూశారు. ఈ విషయంలో న్యూయార్క్ టైమ్స్ ముందు నడవగా తక్కినవి దాని వెంట వచ్చాయని 1989లో ప్రకటించారు.

ఇక్కడే ఒక చిక్కుంది. 1986 జూన్ 19న లెన్ బయాస్ అనే పేరొందిన బాస్కెట్‌బాల్ ఆటగాడు కొకెయిన్ వల్ల చనిపోయాడు. ఆ వార్తను అందరూ ఒకేసారి రాశారు. అది అనుకరణ కాదు, ఒకే సంఘటనకు అందరి స్పందన. కనుక ముందు నడిచినవారెవరో తేల్చడానికి అటువంటి రోజులకన్నా సంఘటన లేని వారాలే ఎక్కువ పనికివస్తాయి.

విద్యార్థి ఈ పరీక్షను గ్రంథాలయంలోని పాత సంచికలతోనే చేయవచ్చు. ఒక అంశాన్ని, రెండు పత్రికలను ఎన్నుకుని వారానికెన్ని వార్తలు వచ్చాయో లెక్కించాలి. ఏది ఆ అంశం కిందికి వస్తుందో ముందే రాసిపెట్టుకోవాలి. అదే నిబంధనతో మరొకరు విడిగా లెక్కించినా దాదాపు అదే అంకె రావాలి. రాకపోతే నిబంధనను సవరించాలి.

ఉదాహరణకు ఆరు వారాల్లో 'క' పత్రికలో 2, 3, 9, 10, 4, 3 వార్తలు, 'గ' పత్రికలో 1, 2, 3, 8, 9, 4 వార్తలు వచ్చాయనుకుందాం. 'క' మొదటి అయిదు వారాలను 'గ' చివరి అయిదు వారాల పక్కన పెడితే 2, 3, 9, 10, 4కు ఎదురుగా 2, 3, 8, 9, 4 వస్తాయి. రెండూ కలిసి నడుస్తున్నాయి. ఇప్పుడు తిరగవేసి చూడాలి. 'గ'లోని 1, 2, 3, 8, 9కి ఎదురుగా 'క'లో 3, 9, 10, 4, 3 వస్తాయి. మొదట రెండూ పెరిగినా, ఆ తర్వాత ఒకటి పెరిగినచోట రెండోది తగ్గుతోంది. మొదటి పొందిక బలంగా ఉండి రెండోది లేకపోతేనే 'క' ముందు నడిచిందనడానికి ఆధారం దొరుకుతుంది. ఒకవైపే చూసి తీర్మానించడం తగదు. ఆరు వారాలు పద్ధతి తెలియడానికే, తీర్పుకు చాలవు.

అంతటితో అనుకరణ రుజువైనట్టూ కాదు. రెండు పత్రికలూ ఒకే వార్తాసంస్థ టెలిగ్రాములను వాడి ఉండవచ్చు. అందువల్ల వార్తాసంస్థ పేరుతో వచ్చినవాటిని తీసేసి, సొంత విలేకరులు రాసినవాటినే మళ్ళీ లెక్కించాలి. అప్పుడూ ఆ వెనుకబాటు నిలిస్తే వాక్యాలు చదవాలి. అదే ఊరు, అదే సాక్షి, అదే కొత్తమాట వారం తర్వాత రెండో పత్రికలో కనిపిస్తే, అంకెలు చెప్పలేనిది ఆ పోలిక చెబుతుంది.