స్లాబు, బీముల సెంట్రింగ్: స్పర్శ వైశాల్యం, ప్లైవుడ్ షీట్ల లెక్క

కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే అచ్చులో కాంక్రీటు నిజంగా తాకే ఉపరితలాన్ని స్పర్శ వైశాల్యం అంటారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ఐదో భాగం (1982) సెంట్రింగ్‌ను ఈ ఉపరితలం మీదే కొలవమంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఇళ్ల పనులకు స్లాబు చదరపు అడుగుల మీదే రేటు మాట్లాడుకోవడం మామూలే. బేరానికి ఆ పద్ధతి సులువుగానే ఉన్నా, షీట్లు ఎన్ని కొనాలో మాత్రం దానితో తేలదు.

ఒక ఉదాహరణ చూద్దాం. బయటి కొలత 10 మీ. × 8 మీ. ఉన్న స్లాబు, మందం 120 మి.మీ. చుట్టూ బీములున్నాయి, మధ్యలో 8 మీటర్ల దిశగా మరొకటి ఉంది. బీముల వెడల్పు 230 మి.మీ., మొత్తం లోతు 450. ఈ బీములు లోపలి భాగాన్ని 4.655 మీ. × 7.54 మీ. కొలతల రెండు గళ్లుగా విడదీస్తాయి. రెండు గళ్ల అడుగు భాగం 70.2 చ.మీ., బీముల బాటమ్ 9.8 చ.మీ. రెండూ కలిస్తే సరిగ్గా 80 చ.మీ., అంటే ప్లాను వైశాల్యమే. స్లాబుకు 80 వేసి, బాటమ్‌ను మళ్లీ విడిగా కలిపితే అంత మేరా రెండుసార్లు లెక్కకొచ్చినట్టే. ఎస్టిమేట్లలో తరచుగా కనిపించే తప్పు ఇది.

లోపలి సైడ్లకు బీము పూర్తి లోతు తీసుకోకూడదు. స్లాబు కింద కనిపించే 330 మి.మీ. మాత్రమే లెక్క. 48.8 మీటర్ల పొడవుకు అది 16.1 చ.మీ. బయటి ముఖానికి స్లాబు అంచు కూడా కలుస్తుంది కాబట్టి 450 మి.మీ. పూర్తిగా తీసుకోవాలి. 36 మీటర్లకు 16.2 చ.మీ. ఆరు స్తంభాల తలలకు సుమారు 0.4 తీసేస్తే మొత్తం దాదాపు 112 చ.మీ. ప్లాను వైశాల్యానికి ఇది 1.4 రెట్లు. బీములు లోతైనకొద్దీ, దగ్గరైనకొద్దీ ఈ నిష్పత్తి పెరుగుతుంది.

ఎనిమిది అడుగుల బై నాలుగు అడుగుల షీటు (2.44 × 1.22 మీ.) 2.98 చ.మీ. ఉంటుంది. వైశాల్యాన్ని భాగిస్తే 38 షీట్లు వస్తాయి గానీ, కోత లెక్క వేరు. షీటు వెడల్పులో 330 పట్టీలు మూడు వస్తాయి. మిగిలేది కాగితం మీద 230, అంటే బాటమ్‌కు సరిగ్గా సరిపోవాలి. కానీ మూడు కోతల్లో రంపం సుమారు పది మి.మీ. తినేస్తుంది, ఆ ముక్క 220 దగ్గర ఆగుతుంది. అందుకే బాటమ్‌కు బయటి సైడ్ల కోతలో మిగిలిన పట్టీలు వాడి, చాలనివి వేరే షీట్లలో కోయాలి. అలా పరిస్తే బయటి సైడ్లకు 8, లోపలి సైడ్లకు 7, బాటమ్‌కు అదనంగా 2, స్లాబుకు 24 పడతాయి. మొత్తం 41. వృథా అంతా దాదాపు బీముల దగ్గరే.

ఒక షీటు ఎన్నిసార్లు పనికొస్తుందన్న దానిమీద ఏకాభిప్రాయం లేదు. ఫిల్మ్ పూత ఉన్న ప్లైకి అమ్మకందారులు పదిహేను వాడకాల పైమాటే చెబుతారు. సైటు మీద ఎనిమిది నుంచి పన్నెండు అనుకోవడమే క్షేమమనిపిస్తుంది. సన్నగా కోసిన పట్టీలకు అదీ ఎక్కువే కావచ్చు. కోసిన అంచుకు రంగు పూయకపోతే నీరు పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన అంచుల సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయి, బీము మూలల్లో కంకర తేలుతుంది. ముఖం మీది పొర లేచినా, కాంక్రీటు మీద చెక్క నార అచ్చు పడుతున్నా ఆ షీటు స్లాబు అడుగుకు ఇక పనికిరాదు.

ఎనిమిది వాడకాలు అనుకుందాం. ఆరు అంతస్తుల స్లాబులకు 41 × 6 = 246 షీటు-వాడకాలు కావాలి. ఎనిమిదితో భాగిస్తే 31 వస్తుంది. ఈ అంకెను నమ్మి 31 షీట్లు కొంటే మొదటి స్లాబే పూర్తవదు. ఒక పూర్తి సెట్టు కన్నా తక్కువతో ఏ అంతస్తూ పోయడం కుదరదు. పది అంతస్తులైతే 410ని ఎనిమిదితో భాగించి 52 అనుకోవచ్చు. అయితే మొదట 41 కొని, మిగతావి అరిగినవాటి స్థానంలో తర్వాత తెచ్చుకోవచ్చు.

అసలు చిక్కు షీటు ఎప్పుడు చేతికొస్తుందన్న దగ్గర ఉంది. ఐఎస్ 456 (2000) ప్రకారం, సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడి, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గనప్పుడు, జాకీలను వెంటనే తిరిగి నిలబెట్టే పక్షంలో స్లాబు అడుగు షీట్లు 3 రోజులకు, బీము బాటమ్ 7 రోజులకు తీయవచ్చు. జాకీలు మాత్రం 4.5 మీటర్లు దాటిన స్లాబుకు 14 రోజులు, 6 మీటర్లు దాటిన బీముకు 21 రోజులు ఉండాలి. మన గళ్లు 4.655 మీటర్లు, పొడవైన బీములు 7.54 మీటర్లు కాబట్టి ఈ పెద్ద గడువులే వర్తిస్తాయి. వేరే రకం సిమెంటు వాడితే ఈ గడువులను తగినట్టు మార్చుకోవాలి.

అంతస్తుకు 15 రోజులు, అందులో షీట్లు పరచి కంబి కట్టడానికి 6 రోజులు అనుకుంటే, జాకీలు తిరిగి నిలబెట్టే పద్ధతిలో బాటమ్ కూడా 13 రోజుల్లో తిరిగొస్తుంది. 41 షీట్లే చాలు. జాకీలు కదపకుండా ఉంచితే స్లాబు షీట్లకు 20 రోజులు, పొడవైన బీముల బాటమ్‌కు 27 రోజులు పడుతుంది. లోపలి సైడ్ల మీద స్లాబు అంచు కూర్చుంటే అవీ దానితోపాటే ఆగిపోతాయి. అప్పుడు స్లాబుకు 24, లోపలి సైడ్లకు 7, బాటమ్‌కు 4 అదనంగా కలిపి మొత్తం 76 కొనాలి. ఆ షీట్లలో చాలావాటికి ఆరు అంతస్తుల్లో మూడేసి వాడకాలే దక్కుతాయి. కాబట్టి షీట్ల ఆర్డరు ఇచ్చేముందు జాకీలు తిరిగి నిలబెట్టే క్రమాన్ని స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఖరారు చేసుకోవాలి.