ఒకే తిండి, రెండు వ్యాధులు: తార్నాకలో పుట్టిన ప్రశ్న

తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణ పరిసరాల్లో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు ప్రారంభించిన చిన్న విభాగమే దీనికి మూలం. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో నేటి పేరు పొందింది. 1960వ దశకంలో ఈ సంస్థకు డాక్టర్ సి. గోపాలన్ సారథ్యం వహించారు. ఆ రోజుల్లో ఇక్కడ తలెత్తిన ఒక ప్రశ్నకు సమాధానం దొరకడం మొదలైంది దాదాపు అర్ధశతాబ్దం తరువాతనే. అది శిశువు పేగులలోని సూక్ష్మజీవుల కథ.

ముందుగా ప్రశ్న ఏమిటో చూద్దాం. తీవ్ర పోషకాహార లోపం పిల్లల్లో రెండు రూపాల్లో కనిపిస్తుంది. మెరాస్మస్‌లో బిడ్డ ఎముకల గూడులా చిక్కిపోతాడు. క్వాషియార్కర్‌లో పాదాలకూ ముఖానికీ నీరు చేరుతుంది, జుట్టు రంగు మారుతుంది, బిడ్డ దిగాలుగా, చిరచిరలాడుతూ ఉంటాడు. వాపు కారణంగా ఈ బిడ్డ బొద్దుగా ఉన్నాడని తల్లిదండ్రులు పొరబడటమూ కద్దు. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు గట్టిగా నొక్కి తీసినప్పుడు గుంట నిలిచిపోతే అది బొద్దుతనం కాదు, వ్యాధి. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మాంసకృత్తుల కొరత వలన క్వాషియార్కర్, మొత్తం ఆహారపు కొరత వలన మెరాస్మస్ వస్తాయని ఆనాటి పాఠ్యపుస్తకాలు బోధించేవి. మేమూ అలాగే చదువుకున్నాము. అయితే గోపాలన్ బృందం పిల్లల ఆహారాన్ని పరిశీలించినప్పుడు, ఈ రెండు వ్యాధుల బారిన పడిన పిల్లల తిండిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పప్పు, అన్నం, జొన్నల పాళ్ళు ఇంచుమించు ఒకటే. ఒకే తిండి తిన్న పిల్లల్లో ఒకరు చిక్కిపోవడం, మరొకరు వాచిపోవడం ఎందుకు జరుగుతున్నది? కొరతకు శరీరం సర్దుకోగలిగితే మెరాస్మస్, సర్దుకోలేకపోతే క్వాషియార్కర్ అని గోపాలన్ 1968లో ప్రతిపాదించారు. ఆ సర్దుబాటు కొందరిలో ఎందుకు విఫలమవుతుందో మాత్రం తేలలేదు. పేగులలోని సూక్ష్మజీవులను సమగ్రంగా గుర్తించే సాధనాలు అప్పటికి లేవు.

సమాధానం వైపు వెళ్ళే ముందు, ఆరోగ్యవంతుడైన శిశువు పేగులలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. పుట్టిన గంటల్లోనే సూక్ష్మజీవులు అక్కడ స్థిరపడటం మొదలవుతుంది. సహజ ప్రసవంలో తల్లి పేగులలోని బాక్టీరియా బిడ్డకు సంక్రమిస్తుంది. సిజేరియన్ బిడ్డల్లో ఆ వారసత్వం తగ్గి, ఆసుపత్రి వాతావరణంలోని జాతులు ఎక్కువగా కనిపిస్తాయి. మొదట వచ్చినవి పేగులలోని ఆమ్లజనిని వాడేసుకొని, ఆమ్లజని గిట్టని జాతులకు చోటు కల్పిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి బిఫిడోబాక్టీరియా. తల్లిపాలలో కొన్ని ప్రత్యేకమైన చక్కెర గొలుసులుంటాయి. బిడ్డ వాటిని జీర్ణించుకోలేడు. అవి ఈ బాక్టీరియాకు ఆహారం. వాటిని తిని ఇవి ఆమ్లాలను విడుదల చేస్తాయి. ఆ ఆమ్లత్వం హానికర జాతులను పెరగనివ్వదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సూక్ష్మజీవుల వైవిధ్యం ఎంత ఎక్కువైతే అంత మంచిదని తరచూ వింటూ ఉంటాము. పెద్దలకు అది చాలావరకు వర్తిస్తుంది. కాని తల్లిపాలు మాత్రమే తాగే శిశువులో వైవిధ్యం తక్కువగా ఉండటమే సహజం. అన్నప్రాసన తరువాత జావ, పప్పు, పండ్లు, కూరగాయలు లోపలికి వెళ్ళేకొద్దీ కొత్త జాతులు చేరతాయి. సుమారు మూడేళ్ళకు ఆ సముదాయం పెద్దలదానిని పోలి ఉంటుంది. కాబట్టి శిశువు విషయంలో అడగవలసినది ఎన్ని జాతులున్నాయని కాదు. వయసుకు తగినవి ఉన్నాయా అని.

దీని ఆధారంగానే డిస్బయోసిస్ అనే మాటను అర్థం చేసుకోవాలి. అది ఒక రోగం పేరు కాదు. ఫలానా క్రిమి చేరిందని చెప్పే మాటా కాదు. సముదాయపు కూర్పు చెదిరి, తన పని సరిగా చేయలేని స్థితి అది. దానిని స్పష్టంగా చూపిన పరిశోధన ఆఫ్రికాలోని మలావీ దేశంలో జరిగింది.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన జెఫ్రీ గోర్డన్ బృందం, మలావీ పరిశోధకులతో కలిసి, 317 కవల జంటలను మూడేళ్ళ వయసు వరకు గమనించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే తిండి. అయినా 43 శాతం జంటల్లో ఒకరికి మాత్రమే తీవ్ర పోషకాహార లోపం వచ్చింది. అది తార్నాక ప్రశ్నే. క్వాషియార్కర్ వచ్చిన బిడ్డ, రాని బిడ్డల మలంలోని సూక్ష్మజీవులను, ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలలో ప్రవేశపెట్టి, మలావీ పేదల ఆహారం పెట్టారు. రోగి సూక్ష్మజీవులు పొందిన ఎలుకలు బాగా బరువు కోల్పోయాయి. అదే ఆహారం తిన్న రెండవ జట్టుకు అంత నష్టం జరగలేదు. తిండి ఒక్కటీ కాదు, సూక్ష్మజీవులు ఒక్కటీ కాదు, రెండూ కలిసినప్పుడే చేటు. అయితే ఎలుక శిశువు కాదు. క్వాషియార్కర్‌కు ఇదే సంపూర్ణ కారణమని చెప్పలేము.

మరుసటి ఏడు బంగ్లాదేశ్‌లో ఇంకొక అడుగు పడింది. ఢాకాలోని మీర్‌పూర్ బస్తీలో ఆరోగ్యవంతులైన పిల్లల మలాన్ని నెలనెలా పరీక్షించి, 24 రకాల బాక్టీరియా ఆధారంగా సూక్ష్మజీవ సముదాయానికి వయసు కట్టారు. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లల్లో ఆ వయసు బిడ్డ అసలు వయసుకంటె వెనుకబడి ఉంది. చికిత్సాహారంతో కొంత పుంజుకొని, చికిత్స ముగిసిన కొద్ది నెలలకు మళ్ళీ వెనుకబడింది. బరువు పెరిగిన బిడ్డ తిరిగి ఎందుకు జబ్బు పడతాడో దీనివలన కొంత బోధపడింది.

దీని చికిత్సకు వారు ఎంచుకున్నవి శనగలు, వేరుశనగ, సోయా, పచ్చి అరటి. 2021లో ప్రచురించిన పరీక్షలో, 12 నుండి 18 నెలల వయసున్న 123 మంది పిల్లలకు మూడు నెలల పాటు ఈ ఆహారమో, అప్పటికి వాడుకలో ఉన్న ఆహారమో ఇచ్చారు. కొత్త ఆహారంలో కేలరీలు తక్కువైనా, దానిని తిన్న పిల్లల ఎదుగుదలే మెరుగ్గా ఉంది. పరీక్ష చిన్నదే, కాని దారి చూపింది.

తార్నాక సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌ను పాత వైద్యులు ఎరుగుదురు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. అంటే 86 గ్రాములలో 330 కేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. అది శక్తి, మాంసకృత్తుల లెక్కతో కూర్చినదే గాని సూక్ష్మజీవులను తలచి చేసినది కాదు. అయినా శనగ, వేరుశనగ రెండు జాబితాల్లోనూ ఉండటం ఆసక్తికరం.

పాఠకులు రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. మలపరీక్ష చేసి పేగు సూక్ష్మజీవులకు మార్కులు వేసే ఖరీదైన పరీక్షలు ఏ ఒక్క బిడ్డకూ రోగనిర్ణయం చేయలేవు. పై లెక్కలన్నీ పిల్లల సమూహాలను పోల్చి కట్టినవి. రెండవది, జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు, పైగా ఎదుగుతున్న ఆ సముదాయాన్ని చెదరగొడుతుంది. బిడ్డకు బాక్టీరియా వ్యాధి ఉన్నదని వైద్యుడు తేల్చినప్పుడు మాత్రం మందు మానకూడదు.