కల్పిత మూలాలు

ఏఐ సాధనం ఇచ్చిన మూలాల జాబితాలో ఉండి, నిజానికి ఎక్కడా అచ్చు కాని వ్యాసాన్నో పుస్తకాన్నో కల్పిత మూలం అంటారు. రచయిత పేరు, శీర్షిక, పత్రిక, సంపుటి, పుటలు అన్నీ పద్ధతిగానే కనిపిస్తాయి. వాటిలో కొన్ని వివరాలు నిజమైనవే కావడంతో పైపైన చూస్తే తేడా తెలియదు.

కారణాలు

చాట్‌జీపీటీ వంటి సాధనాల వెనుక ఉండే భాషా నమూనా ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అంచనా వేస్తూ వాక్యం అల్లుతుంది. అది గ్రంథాలయ క్యాటలాగు తెరిచి చూసి చెప్పదు. మూలాలు రాసే తీరు అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ తీరు దానికి బాగా పట్టుబడుతుంది. వేలమంది ఉదహరించిన వ్యాసమైతే శిక్షణలో పదే పదే ఎదురై ఉంటుంది, వివరాలు సరిగానే రావచ్చు. అరుదుగా కనిపించిన వ్యాసాల దగ్గరే చిక్కు వస్తుంది. ఆ రంగంలో రాసేవారి పేరొకటి, ఆ రంగపు పత్రిక ఒకటి, విషయానికి నప్పే శీర్షిక ఒకటి కలిసి కొత్త మూలం తయారవుతుంది. పుటల సంఖ్యలను, డీఓఐ అంకెలను విషయాన్ని బట్టి ఊహించడం కుదరదు, అందుకే తప్పులు అక్కడ తరచుగా బయటపడతాయి. ఇంటర్నెట్‌లో వెతికి జవాబిచ్చే సాధనాల్లో ఈ బెడద తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

నమోదైన సందర్భాలు

వాల్టర్స్, వైల్డర్ అనే పరిశోధకులు 42 అంశాలపై చాట్‌జీపీటీతో వ్యాసాలు రాయించి, వాటిలోని 636 మూలాలను పరిశీలించారు. జీపీటీ-3.5 ఇచ్చినవాటిలో 55 శాతం, జీపీటీ-4 ఇచ్చినవాటిలో 18 శాతం కల్పితాలని తేలింది. ఈ ఫలితాలు 2023లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చాయి.

అదే ఏడాది న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ‘మాటా వర్సెస్ ఏవియాంకా’ కేసులో న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. వారు చూపిన ఒక తీర్పు కోసం, దానికిచ్చిన సంపుటిలో ఆ పుట తెరిస్తే అక్కడ వేరే కేసు ఉంది.

సరిచూసే పద్ధతి

ముందుగా డీఓఐని `https://doi.org/` తర్వాత చేర్చి తెరవాలి. పేజీ తెరుచుకుంటే చాలదు, అందులోని శీర్షిక, రచయితలు జాబితాతో సరిపోవాలి. డీఓఐ లేకపోతే పూర్తి శీర్షికను క్రాస్‌రెఫ్‌లో, వైద్య విషయమైతే పబ్‌మెడ్‌లో వెతకాలి. చివరగా పత్రిక వెబ్‌సైటులో ఆ సంపుటి విషయసూచిక తెరిచి, చెప్పిన పుటలో ఏముందో చూడాలి. ఈ మూడో మెట్టు దగ్గర కల్పితం దాదాపు ఎప్పుడూ దొరికిపోతుంది.

ఒక నమూనా చూద్దాం. “ఫిస్కే, సుబ్బారావు, ‘కండరశక్తిలో ఫాస్ఫరస్ పాత్ర’, జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ, 1929, సంపుటి 66, పుటలు 375–400” అని జాబితాలో ఉందనుకుందాం. ఇది ఈ వివరణ కోసం అల్లినది. యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే హార్వర్డ్‌లో కలిసి పనిచేసినవారే, కండరాల్లోని ఫాస్ఫరస్ మీద రాసినవారే. పత్రికా నిజమైనదే. అయితే 66వ సంపుటి వచ్చింది 1925లో, 1929లో వారి వ్యాసం వచ్చింది 81వ సంపుటిలో. 66వ సంపుటి 375వ పుట తెరిస్తే రంగు తీవ్రతను బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే విధానంపై వారే రాసిన ప్రసిద్ధ వ్యాసం కనిపిస్తుంది. దాని అసలు డీఓఐ ఇది:

```
10.1016/S0021-9258(18)84756-1
```

పేర్లు, పత్రిక, పుటలు నిజమై, శీర్షిక, సంవత్సరం మాత్రం తప్పాయి. రచయిత పేరొక్కటే వెతికి ఊరుకుంటే ఈ తప్పు బయటపడదు.

పరిమితులు

వెతికితే దొరకనంత మాత్రాన కల్పితమని తేల్చకూడదు. ‘భారతి’ వంటి పాత తెలుగు పత్రికల్లోని వ్యాసాలకు డీఓఐ ఉండదు. వాటిని స్కాన్ ప్రతుల్లోనో గ్రంథాలయంలోని సంపుటాల్లోనో చూడాలి. పేరు రాసే తీరులో తేడాలూ అడ్డుపడతాయి: సుబ్బారావు తన పేరును ఇంగ్లిష్‌లో Subbarow అని రాసుకునేవారు, Subba Rao అని వెతికితే దొరక్కపోవచ్చు.

దొరికినంత మాత్రాన నిజమనీ అనుకోకూడదు. గూగుల్ స్కాలర్‌లో కొన్ని ఫలితాలు వేరేవారి మూలాల జాబితాల్లోంచి ఏరినవే, వ్యాసానికి లింకు ఉండదు. కల్పిత మూలాన్ని ఎవరైనా తమ వ్యాసంలో వాడుకుంటే అదీ అలాగే అక్కడికి చేరుతుంది. అందువల్ల వ్యాసం మొదటి పుటను కళ్ళతో చూశాకే అది ఉందని నిర్ధారించాలి. ఆ వ్యాసం మనం చెప్పే మాటను బలపరుస్తుందా అన్నది వేరే పరీక్ష, దానికి వ్యాసం చదవక తప్పదు.