ఏకపరమాణుక వాయువు ఎంట్రోపీ: లెక్క, కొలత

ఆర్గాన్, హీలియం ఏకపరమాణుక వాయువులు. గది ఉష్ణోగ్రతలో అణువుకు తిరగడం, కంపించడం వంటి చలనాలేవీ లేవు కనుక, ఇలాంటి వాయువు ఎంట్రోపీ అంతా పరమాణువులు చోటు మారే స్థానాంతర చలనానిదే. ఆ చలనపు విభాజన ప్రమేయం q = V(2πmkT/h²)^(3/2). N పరమాణువులకు q^N ను N! తో భాగిస్తే, దీన్నుంచి ఒక మోల్ ఎంట్రోపీ S = R[ln(q/N) + 5/2] అని వస్తుంది. ఇందులో సర్దుబాటు చేసుకోదగ్గ స్థిరాంకం ఒక్కటీ లేదు. 1911-12లో ఓటో సాకుర్, హ్యూగో టెట్రోడ్ విడివిడిగా ఈ ఫలితానికి చేరి, పాదరసం ఆవిరి పీడనాలతో దాన్ని సరిచూశారు. అంతవరకూ ఎంట్రోపీలో అనిశ్చితంగా మిగిలిన స్థిరాంకం ప్లాంక్ స్థిరాంకం h తో ముడిపడింది.

లెక్క ఒప్పో తప్పో తేల్చడానికి ఆర్గాన్ అన్నిటికంటే అనువైనది. పరమ శూన్యం దగ్గర నుంచి ఘనాన్ని 83.8 కెల్విన్ దాకా వేడిచేస్తే ఎంట్రోపీ మోల్‌కు డిగ్రీకి సుమారు 38 జౌళ్ళు పెరుగుతుంది. కరగడం 14, ద్రవాన్ని 87.3 కెల్విన్‌కు తేవడం దాదాపు 2, మరగడం సుమారు 74 జౌళ్ళు కలుపుతాయి. ఆవిరి ఆదర్శంగా లేనందుకు మరో అర జౌల్ దిద్దుబాటు చేర్చాలి. పరమ శూన్యంలో ఎంట్రోపీ సున్నా అనుకుంటే మొత్తం 129 దరిదాపుల్లో నిలుస్తుంది. సూత్రం ఇచ్చేది 129.2. ఈ పొందిక విలువ తెలియాలంటే సూత్రంలోని N! భాగహారాన్ని తీసేసి చూడాలి. ఒకేలాంటి పరమాణువులను వేర్వేరుగా లెక్కిస్తే ఎంట్రోపీ దాదాపు 447 జౌళ్ళు ఎక్కువ వస్తుంది. ఉష్ణమాపకంలో అంత పొరపాటు దాగదు. కాబట్టి పరమాణువులు ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయరానివన్న సంగతిని ఇక్కడ వేడి కొలతే రుజువు చేస్తోంది.

పరమ శూన్యంలో ఎంట్రోపీ సున్నా అని ముందే ఒప్పుకున్నాం కదా, ఇది వలయ వాదం కాదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కానీ ఆ ఊహ చెల్లని చోట కొలతే దాన్ని బయటపెడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ స్ఫటికంలో అణువులు అటూ ఇటూ తలకిందులై గడ్డకడతాయి. అందుకే దాని ఉష్ణమాపక విలువ సిద్ధాంత విలువ కంటే నాలుగైదు జౌళ్ళు తగ్గుతుంది. ఆర్గాన్‌లో అలాంటి లోటు కనిపించదు. ఐసోటోపుల మిశ్రమ ఎంట్రోపీని మాత్రం రెండు వైపులా వదిలేస్తారు, అది పోలికను చెడగొట్టదు.

ఈ సూత్రానికి అసలు హద్దు వేరే చోట ఉంది. గది ఉష్ణోగ్రతలో ఒక్కో ఆర్గాన్ పరమాణువుకు దాదాపు కోటి స్థితులు అందుబాటులో ఉంటాయి. రెండు పరమాణువులు ఒకే స్థితిలో పడటం అరుదు కాబట్టే N! తో భాగించడం చాలుతుంది. 4.2 కెల్విన్ దగ్గర మరిగే హీలియానికి ఆ సంఖ్య ఏడెనిమిదికి పడిపోతుంది. అక్కడ ఆదర్శ వాయువు సూత్రం చూపే 37.5 జౌళ్ళను నేరుగా నమ్మకూడదు. పరమాణువుల ఆకర్షణకూ క్వాంటం గణాంకానికీ దిద్దుబాట్లు చేశాకే దాన్ని కొలతతో పోల్చాలి.