హెవిసైడ్ సోపానం నుంచి ఇంపల్స్ స్పందన వరకు: లాప్లాస్ పరివర్తన ధర్మాల చారిత్రక పరిశీలన

1893లో లండన్ రాయల్ సొసైటీ తన పత్రికలో ఆలివర్ హెవిసైడ్ (1850–1925) రాసిన ఒక పరిశోధన వ్యాసం రెండు భాగాలను ప్రచురించింది. మూడవ భాగాన్ని 1894లో తిరస్కరించింది. హెవిసైడ్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు కాడు. యౌవనంలో టెలిగ్రాఫ్ ఉద్యోగం చేసినవాడు. కాలాన్ని బట్టి అవకలనం చేయడాన్ని p అనే అక్షరంతో సూచించి, ఆ అక్షరాన్ని మామూలు సంఖ్యవలె గుణించి, భాగించడం ఆయన పద్ధతి. దాని ద్వారా వచ్చిన సమాధానాలు సాధారణంగా సరిపోయేవి. అవి ఎందుకు సరిపోతున్నాయన్నదానికి మాత్రం గణితవేత్తలు అంగీకరించే నిరూపణ లేదు.

ఆ పద్ధతి స్వరూపాన్ని ఒక చిన్న ఉదాహరణ తెలుపుతుంది. ఒక నిరోధకం, ఒక కెపాసిటర్ వరుసగా ఉన్న వలయంలో RC విలువ 1 సెకను అనుకుంటే, కెపాసిటర్ వోల్టేజీకి సంబంధించిన ఆపరేటర్ 1/(1+p). t = 0 వద్ద 1 వోల్టు ఒక్కసారిగా ప్రయోగించడాన్ని ‘యూనిట్ సోపానం’ అంటారు. హెవిసైడ్ ఆ ఆపరేటర్‌ను 1/p − 1/p² + 1/p³ − … అని విస్తరించి, ప్రతి 1/pⁿ స్థానంలో tⁿ/n! ఉంచేవాడు. ఫలితం t − t²/2 + t³/6 − …, అనగా 1 − e^(−t). ఈ విస్తరణలోని మొదటి పదమే వలయం మొదటి క్షణాలలో ఎలా ప్రవర్తిస్తుందో చెబుతుంది. నేటి ప్రారంభ విలువ సిద్ధాంతానికి బీజం ఇక్కడే ఉంది.

నిరూపణ లోటును 1916లో బ్రోమ్‌విచ్ సంకీర్ణతల సమాకలనంతో పూరించడానికి పూనుకున్నాడు. అమెరికాలో జాన్ కార్సన్ 1920లలో హెవిసైడ్ ఆపరేటర్‌ను ∫ A(t)e^(−pt) dt అనే సమాకలనంతో ముడిపెట్టాడు. ఇందులో A(t) సోపానానికి వచ్చే స్పందన. 1937లో గుస్తావ్ డోచ్ జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథం లాప్లాస్ పరివర్తనను క్రమబద్ధమైన శాస్త్రంగా నిలబెట్టింది.

సోపానాన్ని ఆధారంగా తీసుకుంటే ఒక చిక్కు మిగులుతుంది. సోపానం పరివర్తన 1/s కాబట్టి, A(t) పరివర్తన H(s)/s అవుతుంది. వేరే ఇన్‌పుట్‌కు అవుట్‌పుట్ కావాలంటే ఆ అదనపు 1/s ను తొలగించాలి. అందుకే పాత సూత్రాలలో సమాకలనం వెలుపల ఒక అవకలనం కనిపిస్తుంది. ఇంపల్స్ పరివర్తన 1. కనుక ఇంపల్స్ స్పందన h(t) పరివర్తన నేరుగా H(s). ఇన్‌పుట్‌ను వరుస ఇంపల్స్‌లుగా భావించి, వాటి స్పందనలను కూడితే వచ్చే y(t) = ∫₀ᵗ h(τ)x(t−τ)dτ అనే కన్వల్యూషన్ s-డొమైన్‌లో Y(s) = H(s)X(s) అనే గుణకారంగా మారుతుంది. వ్యవస్థ రేఖీయమై, కాలంతో మారనిదై, మొదట కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడే ఇది మొత్తం అవుట్‌పుట్‌ను ఇస్తుంది.

పై వలయానికి h(t) = e^(−t), H(s) = 1/(s+1). టెలిగ్రాఫ్ మీటను 2వ సెకనులో నొక్కి, 5వ సెకనులో వదిలినట్లు 1 వోల్టు ఇన్‌పుట్ ఇచ్చారనుకుందాం. T సెకన్ల ఆలస్యం పరివర్తనను e^(−sT) తో గుణిస్తుంది గనుక

X(s) = (e^(−2s) − e^(−5s))/s
Y(s) = (e^(−2s) − e^(−5s))·1/[s(s+1)]

1/[s(s+1)] = 1/s − 1/(s+1) కాబట్టి దాని విలోమం 1 − e^(−t). దానినే రెండుసార్లు జరిపితే

y(t) = [1 − e^(−(t−2))]u(t−2) − [1 − e^(−(t−5))]u(t−5)

5వ సెకనుకు అవుట్‌పుట్ 0.950 వోల్టులకు చేరుతుంది; 7వ సెకనుకు 0.129 కి పడిపోతుంది. పదునైన అంచులతో పంపిన సంకేతం అవతలి కొసన వాలుగా, తోకతో అందుతుంది. దూరపు కేబుళ్లలో టెలిగ్రాఫ్ ఉద్యోగులు చూసిన మసకకు ఇది అతి సరళ నమూనా.

ఈ గణనలో తరచుగా జరిగే పొరపాటు, u(t−2) రాసి ఘాతంలో మాత్రం e^(−t) నే వదిలేయడం. అప్పుడు 2వ సెకనులో అవుట్‌పుట్ హఠాత్తుగా 1 − e^(−2), అంటే 0.865 కి దూకుతుంది. దీనిని ప్రారంభ విలువ సిద్ధాంతం వెంటనే పట్టిస్తుంది. ఆలస్యపు గుణకాన్ని పక్కనపెట్టి, s·1/[s(s+1)] = 1/(s+1) లో s ను అనంతానికి పంపితే సున్న వస్తుంది. కాబట్టి అవుట్‌పుట్ సున్న నుంచే మొదలవాలి. పరిమిత ప్రవాహంతో కెపాసిటర్ వోల్టేజీ క్షణంలో దూకదన్న భౌతిక సత్యమూ ఇదే.

అయితే ఈ సిద్ధాంతానికి ఒక హద్దు ఉంది. అదే వలయంలో నిరోధకం మీది వోల్టేజీని అవుట్‌పుట్‌గా తీసుకుంటే H(s) = s/(s+1). sH(s) అనంతమవుతుంది; దానిని h(0+) గా చదవడం తప్పు. లవ, హారాల ఘాతాలు సమానం కాబట్టి ముందు భాగించాలి: 1 − 1/(s+1). ఇందులో 1 అనేది t = 0 వద్ద ఉన్న ఇంపల్స్; మిగిలిన భాగానికి సిద్ధాంతాన్ని వర్తింపజేస్తే h(0+) = −1. హెవిసైడ్ p ని సోపానంపై ప్రయోగించి పొందినది ఈ ఇంపల్స్‌నే. దానికి కచ్చితమైన గణిత స్థానం 1940ల చివర లారెంట్ ష్వార్ట్జ్ డిస్ట్రిబ్యూషన్ల సిద్ధాంతంతో గాని లభించలేదు.