వర్క్‌షీటు అమరిక (చదవడంలో తడబడే పిల్లలకు)

చదవడంలో తడబడే పిల్లలకు పాఠాన్ని తేలిక చేయకుండా, కాగితం మీద దాని అమరికను మాత్రమే మార్చి ఇచ్చే పద్ధతి ఇది. మార్చేవి ప్రధానంగా మూడు: అక్షరం సైజు, ఎడం, పేజీలోని ప్రశ్నల సంఖ్య. తెలంగాణలో 2020 సెప్టెంబరులో టీవీ పాఠాలు మొదలయ్యాక వర్క్‌షీట్ల వాడకం బాగా పెరిగింది. 2022 ఆగస్టులో వచ్చిన 'తొలిమెట్టు' కార్యక్రమం ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెట్టింది. మహబూబాబాద్ జిల్లా గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో మరో చిక్కుంది. కోయ, లంబాడీ ఇళ్ల పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంటి భాష కాదు. పిల్లవాడు ఆగిపోయింది అక్షరం దగ్గరా, మాట దగ్గరా, కిక్కిరిసిన పేజీ దగ్గరా అన్నది పైకి తెలియదు.

సైజు విషయంలో పాత ప్రమాణాలను జాగ్రత్తగా తీసుకోవాలి. చిన్న పిల్లలకు ఎంత పెద్ద అక్షరం కావాలన్నదానిపై సిరిల్ బర్ట్ 1959లో రాసిన పుస్తకాన్ని చాలాకాలం ప్రమాణంగా చూపారు. దాని ఆధారాలు గట్టివి కావని హార్ట్‌లీ, రూమ్ 1983లో విమర్శించారు. ఈ విమర్శే సబబుగా తోస్తుంది. బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ చెప్పే 12–14 పాయింట్లు రోమన్ లిపికి సంబంధించినవి. తెలుగులో పైన గుడికీ కింద ఒత్తుకూ చోటు వదలాలి కాబట్టి అదే పాయింటులో అసలు అక్షరం చిన్నదవుతుంది. పైగా గౌతమిలోని 16 పాయింట్లు, మండలిలోని 16 పాయింట్లు ఒకే ఎత్తులో పడవు. అందుకే అంకెను నమ్మడం కన్నా ఒక చిన్న పరీక్ష మేలు. 'తి–తీ', 'ద–ధ–థ', 'ప–ష' అచ్చువేసి, ఆ కాగితాన్ని జిరాక్స్ తీసి, చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూడాలి. గుడి దీర్ఘం చుట్ట పూడినా, 'థ'లో చుక్క మసకబారినా సైజు చాలలేదన్నమాట. ఒకటి రెండు తరగతులకు సాధారణంగా 18–20 పాయింట్ల దగ్గర ఈ ఇబ్బంది తీరుతుంది.

ఎడం గురించి ఎక్కువగా ఉదహరించేది 2012 నాటి జోర్జి బృందం అధ్యయనం. ఇటలీ, ఫ్రాన్స్‌లలో డిస్లెక్సియా ఉన్న 74 మంది పిల్లలకు 14 పాయింట్ల పాఠంలో అక్షరాల మధ్య 2.5 పాయింట్ల ఎడం పెంచి ఇస్తే తప్పులు దాదాపు సగానికి తగ్గాయి. తరువాతి పరిశీలనలన్నిటిలో అంత మేలు కనబడలేదు. దీన్ని తెలుగుకు యథాతథంగా దించడం కుదరదు. డీటీపీ కేంద్రాల్లో ఇంకా వాడే అను వంటి పాత ఫాంట్లలో ఒత్తులు, గుణింతపు గుర్తులు చాలావరకు విడి ముక్కలు. అక్షరాల ఎడం పెంచితే ఒత్తు తన హల్లును వదిలి పక్కకు జరుగుతుంది. అది పిల్లవాడికి కొత్త అక్షరంలా కనిపించవచ్చు. దానికి బదులు మాటల మధ్య రెండు ఖాళీలు వదిలి, పంక్తుల దూరం పెంచడం మంచిది. పై పంక్తిలోని ఒత్తు కింది పంక్తిలోని గుడికి తగలకూడదు. కుడి అంచు సమం చేయకూడదు. తెలుగు మాటలు పొడవు కాబట్టి అలా చేస్తే మధ్యలో ఎగుడుదిగుడు ఖాళీలు పడతాయి.

ఇక పేజీలోని ప్రశ్నల సంఖ్యకు వస్తే, మూడో తరగతికి ఖాళీలు పూరించే 12 వాక్యాలు ఒకే ఏ4 పేజీలో ఉన్నాయనుకుందాం. జవాబు మాటలన్నీ పైన ఒక డబ్బాలో ఉంటాయి. తడబడే పిల్లవాడు మూడు నాలుగు రాసి, డబ్బాకూ వాక్యానికీ మధ్య చూపు తిప్పడంలో పంక్తి తప్పి, ఆరో జవాబును ఏడో ఖాళీలో రాస్తాడు. దీన్ని తిరగరాస్తే ఇలా ఉంటుంది: అన్ని వైపులా 2.5 సెంటీమీటర్ల అంచు, 20 పాయింట్ల అక్షరం, పంక్తికి 36 పాయింట్లు. పేజీకి 19 పంక్తులు పడతాయి. సూచనకు రెండు పోతే, ప్రశ్నకు నాలుగు పంక్తుల చొప్పున నాలుగు ప్రశ్నలు పడతాయి. 'కోడి గూట్లో ____ పెట్టింది' అనే వాక్యం కిందే 'గుడ్డు, గడ్డి' అని రెండు మాటలు ఉంటాయి. చూపు దూరం పోనక్కర్లేదు. మొత్తం 12 ప్రశ్నలూ మూడు పేజీల్లో వస్తాయి. కష్టమైనవి తీసేసి నాలుగే ఉంచడం వేరే పని, దాన్ని అమరిక అనకూడదు. పేజీని అడ్డంగా కత్తిరించి రెండేసి ప్రశ్నల ముక్క ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి ఇవ్వవచ్చు. పలుచని కాగితమైతే ఒకవైపే అచ్చువేయాలి. వెనకవైపు అక్షరాలు కనబడితే ఎడం పెంచిన లాభం పోతుంది.

అమరిక పనిచేసిందో లేదో తేల్చడానికి పిల్లవాడు తప్పిన మాటనే ఒక అట్టముక్క మీద పెద్దగా రాసి చూపాలి. అట్ట మీద సరిగా చదివి వర్క్‌షీటులో తప్పితే లోపం చాలావరకు పేజీదే. చదివి కూడా ఆ మాటకు అర్థమేమిటో చెప్పలేకపోతే ఇబ్బంది తెలుగు మాటతో, అక్షరంతో కాదు. గంగారం వైపు పిల్లలకు ముందు ఆ మాటను వాళ్ల భాషలో చెప్పించాలి. రెండు చోట్లా అక్షరమే తప్పుతుంటే ఫాంటు మార్చి ప్రయోజనం లేదు. ఆ గుణింతాన్ని మళ్లీ నేర్పాలి, కంటి పరీక్ష కూడా చేయించాలి.