మనల్ని ఏ గడిలో రాసిన్రు? - ‘హిందూ’, ‘యానిమిస్ట్’ అనే రెండు పేర్ల కథ

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

అమీర్‌పేట కోచింగ్ నోట్సుల్లో మన గురించి రెండు రకాల లైన్లు కనపడతయి. ఒక నోట్సుల ‘గిరిజనులు ప్రకృతి ఆరాధకులు, వారిది యానిమిజం’ అని ఉంటది. ఇంకో నోట్సుల ‘గిరిజనులు హిందూ సమాజంలో వెనకబడిన భాగం’ అని ఉంటది. పంజాగుట్ట హాస్టల్ మెస్సుల కూడా మనోళ్లు ఈ రెండు ముక్కలు పట్టుకునే కొట్లాడుకుంటరు. ఒకరు మనం హిందువులమే అంటరు, ఇంకొకరు కానే కాదంటరు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనకు ‘యానిమిస్ట్’ అనే పేరు పెట్టింది, ‘హిందూ’ అనే పేరును ఇంత పెద్ద గడిగా మార్చింది ఒకటే ఆఫీసు. ఆ పని ఎట్ల జరిగిందో చూద్దాం.

మొదట ‘హిందూ’ మాట సంగతి. అది సింధు నది పేరు నుంచి పారశీకుల నోట్లో పుట్టింది. నదికి ఇవతల ఉండేవాళ్లు అని దాని అర్థం. మతం పేరు కాదు, చోటు పేరు. తర్వాత పోర్చుగీసువాళ్లు ఇక్కడి క్రైస్తవేతరులను ‘జెంతియో’ అన్నరు. ఇంగ్లిషువాళ్ల నోట్లో అది ‘జెంటూ’ అయ్యింది. తమాషా ఏందంటే, మద్రాసులోని ఇంగ్లిషువాళ్లు తెలుగు భాషను కూడా ‘జెంటూ’ అనే పిలిచిన్రు. ఒకటే మాట ఒక మతానికి, ఒక ప్రజకు, ఒక భాషకు నడిచిందంటే, వాళ్ల దగ్గర అప్పటికి గట్టి గీత ఏదీ లేదని అర్థం.

గీత గట్టిపడింది కోర్టుల కోసం. 1772లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో ఒక ఏర్పాటు చేశాడు. పెళ్లి, వారసత్వం లాంటి తగాదాల్లో ముస్లింలకు ఖురాన్ ప్రకారం, జెంటూలకు శాస్త్రం ప్రకారం తీర్పు చెప్పాలని. మరి ఏది ఆ శాస్త్రం? పండితులను కూర్చోబెట్టి రాయించిన దాన్ని హాల్‌హెడ్ ఇంగ్లిషులోకి మార్చి 1776లో అచ్చు వేయించాడు. 1794లో విలియం జోన్స్ చేసిన మనుధర్మశాస్త్ర అనువాదం వచ్చింది. ఊరికో ఆచారం, కులానికో పద్ధతి ఉన్న దేశంలో బ్రాహ్మణ పండితుల సంస్కృత పుస్తకం అందరి చట్టమైంది. ఇంగ్లిషువాడికి మతం అంటే బైబిలు లెక్క ఒక పుస్తకం, ఒక పూజారి వర్గం, ఒక సిద్ధాంతం ఉండాలి. అవే వెతికిండు, దొరికినవాటినే మతం మొత్తం అనుకున్నడు. ‘హిందూయిజం’ అనే మాట ఇంగ్లిషు రాతల్లోకి వచ్చింది కూడా 18వ శతాబ్దం చివరనే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘హిందూ మతాన్ని బ్రిటిషోడు పుట్టించిండు’ అని ఒక్క ముక్కలో అనేస్తే తప్పు. చరిత్రకారుల్లోనే దీనిమీద వాదం ఉంది. డేవిడ్ లోరెంజెన్ 1999లో రాసిన వ్యాసంలో, బ్రిటిషువాళ్లకు చాలా ముందే తురకలు, హిందువులు అని వేరుచేసి మాట్లాడిన భక్త కవులను చూపించాడు. విజయనగర రాజులు 14వ శతాబ్దంలోనే ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు పెట్టుకున్నరు. కాబట్టి పేరు పాతదే, కొంత మందికి ‘మనం’ అనే భావన కూడా పాతదే. కొత్తది ఏందంటే, దేశంలో ప్రతి మనిషినీ ఏదో ఒక మతం గడిలో, ఒక్క గడిలోనే రాయాలనే పద్ధతి. ఆ పద్ధతి మన గూడేల దాకా వచ్చింది జనగణనతోనే.

1871-72లో మొదటి జనగణన, 1881లో దేశమంతా ఒకేసారి లెక్క. ముస్లిం, క్రైస్తవ, సిక్కు లాంటి గడుల్లో పట్టనివాళ్లు దాదాపు అందరూ హిందూ గడిలోకి పోయిన్రు. ఆ గడి అట్ల మిగిలినవాళ్ల గడిగా తయారైంది. మరి అడవిలో ఉన్న గోండు, కోలాం, కోయల సంగతేంది? టైలర్ అనే ఇంగ్లిషు పండితుడు 1871లో ‘ప్రిమిటివ్ కల్చర్’ అనే పుస్తకంలో ‘యానిమిజం’ అనే మాటను వ్యాప్తిలోకి తెచ్చిండు. చెట్టుకూ పుట్టకూ ఆత్మ ఉందనే నమ్మకం, అది మతానికి తొలి మెట్టు అని ఆయన లెక్క. ఆ మాటే జనగణన గడి పేరైంది. మనోళ్లు ఎవ్వరూ తమ మతాన్ని ఆ పేరుతో పిలుచుకోలేదు. ఎన్యూమరేటర్ గూడెంకొచ్చి చూసి రాసుకున్నడు. ఇంకో చోట ఇంకో ఎన్యూమరేటర్ అటువంటోళ్లనే హిందూ అని రాసుకున్నడు. 1891 లెక్కకు పెద్ద అధికారి అయిన బెయిన్స్ కూడా ఈ రెండింటి మధ్య గీత మసకగానే ఉందని ఒప్పుకున్నడు.

అసలు పరీక్ష 1911 లెక్కలో జరిగింది. అప్పటికి అంకెలు రాజకీయమైనయి. 1906లో ఆగా ఖాన్ నాయకత్వంలో ముస్లిం ప్రతినిధులు సిమ్లాలో వైస్రాయ్ మింటోను కలిసి, హిందువుల సంఖ్యను ఎక్కువ చేసి చూపిస్తున్నరని అన్నరు. సీట్లు అంకెలను బట్టి వస్తయి కదా. అప్పుడు జనగణన కమిషనర్ గెయిట్ ఒక సర్క్యులర్ పంపిండు. హిందువులుగా రాసిన కులాల్లో, తెగల్లో నిజంగా ఎవరు హిందువులో తేల్చడానికి అందులో పది ప్రశ్నలు ఉన్నయి. బ్రాహ్మణుల ఆధిక్యాన్ని ఒప్పుకుంటరా? గురువు దగ్గర మంత్రం తీసుకుంటరా? వేదాలను ప్రమాణంగా నమ్ముతరా? పెద్ద దేవుళ్లను కొలుస్తరా? బ్రాహ్మణ పురోహితుడు వస్తడా? గుడి లోపలికి రానిస్తరా? ముట్టుకుంటే మైల అంటరా? చచ్చినోళ్లను పాతిపెడతరా? ఆవు మాంసం తింటరా? ఇట్ల సాగుతయి.

మన ఆదిలాబాద్ అప్పుడు నిజాం రాజ్యం. పెన్‌గంగ దాటితే సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్. గోండులు రెండు ఒడ్డుల మీదా ఉన్నరు. ఆ అవతలి ఒడ్డు జవాబులు చూడండి. అక్కడ హిందువులుగా రాసినవాళ్లలో దాదాపు నాలుగో వంతు బ్రాహ్మణ ఆధిక్యాన్ని, వేదాల అధికారాన్ని ఒప్పుకోలేదు. సగానికి పైగా గురువు దగ్గర మంత్రం తీసుకోలేదు. మూడో వంతు మందికి గుడిలోకి ప్రవేశం లేదు. అయిదుగురిలో ఇద్దరు ఆవు మాంసం తినేవాళ్లు. అంటే పుస్తకంలో ఉన్న హిందూమతంతో కొలిస్తే, హిందూ గడిలో ఉన్న మనుషుల్లో చాలా మంది బయట పడ్డరు. అంబేడ్కర్ 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకంలో ఈ సర్క్యులర్‌నే ఆధారంగా తీసుకున్నడు.

ఇవే ప్రశ్నలు మా గోండు ఇంట్లో అడిగి చూడండి. మాకు మంత్రమిచ్చే బ్రాహ్మణ గురువు లేడు. పూజకు కటోడా ఉంటడు. మా కథను వేదం చెప్పదు, ప్రధాన్ కిక్రి వాయిస్తూ చెప్తడు. మేం నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా ఉంటం, ఒకే సగలో పెళ్లి చేసుకోం. ఇంటి పెద్ద దేవుడు పెర్సాపేన్. మరి దండారి దీపావళికి ముందే ఆడతం కదా? భీమల్ పేన్‌ను కొలుస్తం కదా? కేస్లాపూర్‌లో మెస్రం వంశస్థులు నాగోబాకు పూజ చేసేది పుష్య అమావాస్య నాడే కదా? పండగలు, తిథులు చుట్టుపక్కలవాళ్లతో కలిసి ఉన్నయి. పది ప్రశ్నలకు మన జవాబు ‘పూర్తిగా అవును’ కాదు, ‘పూర్తిగా కాదు’ కూడా కాదు. పట్టనిది మన బతుకు కాదు, ఆ గడి.

గడి మారితే ఏమైతదో ఒక్క ఉదాహరణ. 1931 లెక్కలో ‘గిరిజన మతం’ కింద రాసినోళ్లు 80 లక్షలకు పైచిలుకు. 1941లో మతాన్ని బట్టి కాకుండా తెగను బట్టి లెక్కపెట్టిన్రు. సంఖ్య సుమారు రెండున్నర కోట్లు అయ్యింది. పదేండ్లలో జనం మూడింతలు పుట్టలేదు. అడిగిన ప్రశ్న మారింది, అంతే. ఆ నడిమిట్లనే 1943లో ఘుర్యే అనే సోషియాలజీ ప్రొఫెసర్, ఆదివాసులు ‘వెనకబడిన హిందువులు’ అని పుస్తకం రాసిండు. ఆయన చూపించిన సాక్ష్యాల్లో జనగణన అధికారుల అనుమానాలే ముఖ్యం. ఇటు వెరియర్ ఎల్విన్ ఆదివాసులను వేరుగా చూడాలని వాదించిండు. మన కోచింగ్ నోట్సుల రెండు లైన్లు ఈ వాదం నుంచి కారినవే.

ఇది పాత కాగితాల గొడవ కాదు. 1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ వారసత్వ చట్టం రెండూ, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించవు. 2001లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. ఒరాన్ తెగ మహిళ, సంతాల్ భర్త. భర్త రెండో పెళ్లి చేసుకున్నడని ఆమె ఫిర్యాదు. ఇద్దరూ హిందూమతం పాటిస్తమనే చెప్పిన్రు. అయినా తెగ కాబట్టి హిందూ వివాహ చట్టం వర్తించదని కోర్టు అన్నది. అయితే రెండో పెళ్లి చెల్లదని చెప్పే తెగ ఆచారం చూపించమన్నది. ఆమె దాన్ని రుజువు చేయలేకపోయింది. కేసు నిలవలేదు. మతం గడిలో హిందువు, చట్టం గడిలో కాదు, ఆచారమేమో రాతలో లేదు. నష్టపోయింది ఆడబిడ్డ. అందుకే ‘మనం వేరు’ అని గర్వంగా చెప్పుడు ఒక్కటే సరిపోదు. మన ఆచారాన్ని మనమే రాసిపెట్టుకోవాలె, అందులో ఆడవాళ్ల హక్కు ఎంతో కూడా తేల్చుకోవాలె.

స్వాతంత్ర్యం తర్వాత గిరిజన మతం అనే పెద్ద గడి పోయింది. 2011 ఫారంలో ఆరు మతాలకే కోడ్ నంబర్లు. మిగిలినవాళ్లు చెప్పిన పేరును కోడ్ లేకుండా పూర్తిగా రాయాలి. అట్ల రాయించుకున్నవాళ్లలో సర్నా అన్నోళ్లు దాదాపు 50 లక్షలు, గోండు మతం అన్నోళ్లు 10 లక్షలకు పైన. సర్నాకు ప్రత్యేక కోడ్ కావాలని 2020 నవంబర్‌లో జార్ఖండ్ అసెంబ్లీ తీర్మానం చేసింది.

2027 జనగణనలో మన ఇంటికి కూడా వస్తరు. ఇంట్లో పెద్దోళ్లకు రెండు సంగతులు చెప్పండి. ఒకటి, మతం ప్రశ్న వేరు, తెగ ప్రశ్న వేరు. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు, ఏ మతం చెప్పినా ఆ హోదా పోదు. రెండు, ఎన్యూమరేటర్ మన మొహం చూసి రాసుకోకుండా మనల్ని అడగాలె, మనం చెప్పింది రాసిండో లేదో మనం చూడాలె. ఏం చెప్పాలన్నది ఇంటింటి ఇష్టం. నూటయాభై ఏండ్లుగా ఆ జవాబు మన తరఫున వేరేవాళ్లే ఇచ్చిన్రు.